సీమమ్మకు వచ్చిన నోటీసు, మిగిలిన పదకొండు రోజులు

2024 జులై 23, మంగళవారం. తిరుపతి బైరాగిపట్టెడలో, ట్రేడ్‌మార్క్ పనులు చూసే నా ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక అక్క కూర్చుని ఉంది. చేతిలో ఫోను, పక్కన కారంపొడి వాసన వచ్చే గుడ్డసంచి. లీలామహల్ సెంటర్ దగ్గర వాళ్లకు చిన్న అంగడి ఉంది. కారంపొడి, పప్పులపొడి, కరివేపాకు పొడి సొంతంగా దంచి, ప్యాకెట్లు కట్టి అమ్ముతారు.

"తమ్ముడూ, మా పేరు కొట్టేసినారంట" అంది, కూర్చోకముందే.

ఫోనులో చూపించింది. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఒకే ఒక పేజీ ఫోటో. దాని కింద సందేశం: "మేడం, మార్క్ ఆబ్జెక్ట్ అయింది. రిప్లై వెయ్యాలంటే గవర్నమెంట్ ఫీజు ఆరువేలు, మా ఫీజు వేరే. లేకపోతే క్యాన్సిల్." పంపింది, ఆమె తమ బ్రాండు పేరును ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టరు చేయించడానికి దరఖాస్తు వేయించుకున్న మధ్యవర్తి. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఫోను చేసిందట. మనిషిని ఎప్పుడూ చూడలేదు.

అసలు బ్రాండు పేరు ఇక్కడ రాయను, క్లయింటు విషయం కాబట్టి. "సీమమ్మ కారం" అనుకుందాం. తెలుగు అక్షరాల్లో పేరు, పక్కన రోకలి పట్టుకున్న ముసలావిడ బొమ్మ, అదీ లేబులు. కింద చెప్పబోయే మిగతా పేర్లూ మార్చినవే. జరిగింది మాత్రం మార్చలేదు.

ముందు ఆమె భయం తీర్చాలి. ట్రేడ్‌మార్క్ సైటులో దరఖాస్తు నంబరు కొట్టి చూస్తే పేరు ఎదురుగా `Objected` అని ఉంది. చూసినవాళ్లందరూ దీన్ని "కొట్టేశారు" అనే చదువుకుంటారు. దానర్థం అది కాదు. దరఖాస్తు వేశాక రిజిస్ట్రీలో ఒక ఎగ్జామినర్ దాన్ని చదివి, చట్టం ప్రకారం తనకు వచ్చిన సందేహాలు కాగితం మీద పెట్టి పంపుతాడు. ఆ కాగితమే ఎగ్జామినేషన్ రిపోర్టు. "ఈ పేరు మీకెందుకు ఇవ్వాలో చెప్పండి" అని అడగడమే తప్ప "ఇవ్వం" అనడం కాదు. "పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు నాలుగు ప్రశ్నలు అడిగినట్టు అక్కా. సంబంధం తప్పిపోలేదు, మనం జవాబు చెప్పాలి" అన్నాను. అప్పుడు సంచి కింద పెట్టి కుర్చీలో కూర్చుంది.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే విప్పాలి, ఎందుకంటే తెలుగులో రెండింటికీ మనం "అభ్యంతరం" అనే ఒక్క మాటే వాడేస్తాం. ఇప్పుడు వచ్చింది ఆఫీసు పెట్టిన అభ్యంతరం. ఇది దాటితే పేరు ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో అచ్చవుతుంది. అచ్చయ్యాక నాలుగు నెలల లోపు బయటివాళ్లు ఎవరైనా వచ్చి "ఇది మా పేరులా ఉంది" అని వ్యతిరేకించవచ్చు. అప్పుడు సైటులో `Opposed` అని వస్తుంది. అది వేరే గొడవ, దాని గడువు వేరు. ఆమె మరిది ఈ రెండూ కలిపేసి, "ఎవరో కేసు వేసినారు, హైదరాబాద్ లాయరు కావాల" అని చెప్పాడట. కేసు లేదు, అవతల మనిషి లేడు. ఇంకా చెప్పాలంటే హైదరాబాద్‌తో పనీ లేదు. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చూసేది చెన్నై రిజిస్ట్రీ.

"ఎప్పుడు వచ్చిందక్కా ఇది?"

"నిన్న రాత్రి పంపినాడు. ఇంకా నెల ఉంది కదా?"

కథంతా ఈ ప్రశ్న మీదే నడిచింది.

వాట్సాప్‌లో వచ్చింది మొదటి పేజీ మాత్రమే. మొత్తం రిపోర్టు సైటులోనే ఉంటుంది. నంబరు కొట్టాక `View Examination Report` అనే బటను నొక్కితే తెరుచుకుంటుంది. ఎవరి దగ్గరా అడుక్కోనక్కర్లేదు. తెరిచాం. రిపోర్టు పైన వేసిన తేదీ జులై 2. మధ్యవర్తికి ఫోను చేసి, రిజిస్ట్రీ నుంచి వచ్చిన అసలు మెయిల్ ఫార్వర్డ్ చేయమన్నాను. రెండుసార్లు అడిగితే గానీ పంపలేదు. దాని మీద జులై 4 ఉంది. అక్క చేతికి వచ్చింది జులై 22.

మూడు తేదీలు. లెక్కలోకి వచ్చేది మధ్యది. రిపోర్టు అందిన రోజు నుంచి నెల లోపు జవాబు ఇవ్వాలని 2017 ట్రేడ్‌మార్క్స్ నిబంధనల్లో 33వది చెబుతుంది. అందడం అంటే ఏమిటో 18వ నిబంధన చెబుతుంది: మెయిల్ పంపితే, పంపిన సమయానికే అందినట్టు. తెరిచి చూశారా, ఎవరికైనా చెప్పారా అన్నది వాళ్లకు అనవసరం. దరఖాస్తులో చిరునామా, మెయిల్ ఎవరివి ఇచ్చారో వాళ్లకే పంపుతారు. ఇక్కడ రెండూ మధ్యవర్తివే. ఆయన పద్దెనిమిది రోజులు దాని మీద కూర్చున్నాడు. ఆ రోజులు ఎవరూ తిరిగి ఇవ్వరు.

క్యాలెండరు మీద పెన్సిలుతో గీసి చూపించాను. నిబంధనలో "ఒక నెల" అని ఉంటుంది, అంటే ఆగస్టు 4. రిపోర్టు కాగితంలో "30 రోజులు" అని ఉంటుంది. జులైకి 31 రోజులు కాబట్టి ఆ లెక్కన ఆగస్టు 3. ఒక్క రోజు తేడా. నేనెప్పుడూ తక్కువ ఉన్నదే పట్టుకుంటాను. ఎవరిది సరైన లెక్కో తేల్చుకునే వాదన గడువు దాటాక చేయడం కంటే ఒకరోజు ముందు పని ముగించడం తేలిక. అంటే అక్క అనుకున్న నెల కాదు, చేతిలో ఉన్నవి పదకొండు రోజులు. మధ్యలో ఆడికృత్తిక పండుగ ఒకటి.

"దాటితే ఏమవుతుంది తమ్ముడూ?"

రిపోర్టు చివరి పేరాలోనే ఉంటుంది జవాబు. ఈలోపు స్పందన గానీ, హియరింగ్ కావాలన్న అర్జీ గానీ రాకపోతే దరఖాస్తును వదులుకున్నట్టు పరిగణిస్తామని. సైటులో `Abandoned` అని పడుతుంది. నిబంధనలో "పరిగణించవచ్చు" అనే మాటే ఉంది, నిజమే. గడువు ఒక నెల వరకు పెంచమని తొమ్మిది వందలు కట్టి టీఎం-ఎం ఫారం వేసుకునే దారీ ఉంది. కానీ ఇస్తారో లేదో ఆఫీసరు చేతిలో ఉంటుంది. దాన్ని నమ్ముకుని పని వాయిదా వేసుకోకూడదు. దరఖాస్తు పోతే పోయేది కట్టిన నాలుగువేల ఐదొందలు మాత్రమే అయితే నేనూ పట్టించుకోను, మళ్లీ వేసుకోవచ్చు. పోయేది తేదీ. ఆమె దరఖాస్తు 2023 డిసెంబరుది. కొత్తగా వేస్తే కొత్త తేదీ వస్తుంది. ఈ మధ్యలో అలాంటి పేరుతో వేసిన వాళ్లంతా వరుసలో ఆమెకు ముందుకు వచ్చేస్తారు.

అన్నట్టు, ఆ ఆరువేల సంగతి. ఎగ్జామినేషన్ రిపోర్టుకు జవాబు ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వానికి కట్టే ఫీజు సున్నా. ఇది చెప్పినప్పుడు అక్క ముఖం ఎర్రబడింది. వెంటనే ఫోను తీసింది. "ఇప్పుడు తిట్టొద్దక్కా, మెయిల్‌లో మనకు ఇంకా కాగితాలు కావాలి" అని ఆపాను. ఆ రోజే కొత్త పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం తీసుకుని, ఇకమీదట కాగితాలు నా చిరునామాకు, ఆమె సొంత మెయిల్‌కు వచ్చేలా మార్పించే అర్జీ వేశాం. ఆమెకు మెయిల్ ఐడీ కూడా అప్పుడే పెట్టాం. పాస్‌వర్డ్ అంగట్లో గల్లాపెట్టె మూత లోపల రాసి అతికించుకుంది.

ఇక అసలు రిపోర్టు. మొత్తం నాలుగు విషయాలు ఉన్నాయి. రెండు చిన్నవి, రెండు పెద్దవి.

చిన్నవాటిలో మొదటిది: పేరు తెలుగు లిపిలో ఉంది, దాని ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాల్లో, అర్థం ఇంగ్లీషులో లేదా హిందీలో ఇవ్వలేదు. 28వ నిబంధన అడిగేది ఇదే. హిందీ, ఇంగ్లీషు కాని లిపిలో ఏ మాట ఉన్నా ఒక్కో మాటకూ ఇవ్వాలి. తెలుగు లేబులు వేసే మనవాళ్లలో చాలామంది ఇది వదిలేస్తారు.

చిన్నదే కానీ ప్రమాదకరమైనది. అక్క కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, మరుసటి రోజు తనే రాసుకొచ్చాడు: "రాయలసీమ కారంపొడి" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో ఒక వాక్యం. చూడగానే ఆపాను. అలా రాసిస్తే మన పేరులో ఉన్నది సరుకు, అది తయారయ్యే చోటు, అంతే అని మనమే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు. రిపోర్టులో మొదటి పెద్ద అభ్యంతరం సరిగ్గా అదే. ట్రేడ్‌మార్క్స్ చట్టం సెక్షన్ 9(1)(బి) కింద, ఈ పేరు సరుకు రకాన్ని, ఊరిని చెబుతోంది కాబట్టి ఒక్కరికే ఇవ్వలేం అని.

అలాగని అర్థం దాచమని కాదు. చెన్నైలో తెలుగు తెలిసిన ఆఫీసరు ఎదురైతే పరువు పోతుంది. అందుకే అడిగాను: "అక్కా, ఈ పేరు ఎట్ల వచ్చింది?"

దరఖాస్తులో ఎక్కడా లేని సంగతి అప్పుడు బయటపడింది. ఆమె అత్తగారు పెళ్లైన కొత్తలో పన్నెండేళ్లు నెల్లూరులో కాపురం ఉన్నారట. అక్కడ ఇరుగుపొరుగు వాళ్లకు ఆవిడ పేరు నోరు తిరిగేది కాదు. సీమ నుంచి వచ్చిన మనిషి కాబట్టి "సీమమ్మా" అని పిలిచేవాళ్లు. ఆవిడ దంచే కారాన్ని "సీమమ్మ కారం" అనేవాళ్లు. లేబులు మీద బొమ్మ కూడా ఆవిడదే.

అంటే సీమమ్మ అనేది కారం రకం కాదు, ఒక మనిషికి ఊరు పెట్టిన పిలుపు. అర్థం ఇలా ఇచ్చాం: సీమ అంటే ప్రాంతం, వాడుకలో రాయలసీమ. అమ్మ అంటే తల్లి. రెండూ కలిసిన సీమమ్మ నిఘంటువు మాట కాదు, వ్యాపారం మొదలుపెట్టిన ఆవిడకు ఉన్న ముద్దుపేరు. కారం అంటే మిరపపొడి. ఒక్క ముక్క అబద్ధం లేదు, ఒక్క ముక్క దాచలేదు. కానీ కొడుకు రాసిన వాక్యానికీ దీనికీ ఉన్న తేడాలోనే సగం జవాబు ఉంది.

సెక్షన్ 9 ఎందుకు ఉందో అక్కకు చెప్పడానికి చట్టం తెరవలేదు. "మీ వీధిలో ఇంకొకరు అంగడి పెడితే కారం అనే మాట రాయకుండా కారం అమ్మగలరా?"

"ఎట్ల అమ్ముతారు?"

"‘సీమ కారం’ అని రాసుకోవచ్చా?"

కాస్త ఆలోచించింది. "రాసుకోనీలే. సీమలో ఉండేవాళ్లంతా సీమోళ్లే కదా."

"సీమమ్మ అని?"

"అదెట్ల రాస్తారు! అది మా అత్తమ్మ."

"ఈ మాటే మనం ఇంగ్లీషులో రాయబోతున్నాం" అన్నాను. జవాబులో ఆ భాగం సారాంశం ఇదే. కారం అనే మాట మీద మాకు విడిగా హక్కు వద్దు, అది అందరిదీ. మొత్తం లేబులును ఒకటిగా చూడండి, ముక్కలు చేసి చూడొద్దు. సెక్షన్ 17 కూడా మొత్తం గుర్తుకే హక్కు అంటుంది, అందులోని సాధారణ మాటలకు విడిగా కాదు. ఆపైన, దరఖాస్తు నాటికే చాలా ఏళ్లుగా వాడుతున్నందువల్ల జనం ఈ పేరు వింటే ఈ అంగడినే తలుచుకుంటున్నారు. సెక్షన్ 9(1) చివర ఉన్న మినహాయింపు ఇందుకే ఉంది.

ఆ చివరి వాక్యం రాయడం తేలికే. రుజువు చూపించడం దగ్గరే రెండో చిన్న అభ్యంతరం తగులుకుంది. దరఖాస్తులో "2009 నుంచి వాడుతున్నాం" అని వేశారు. ముందు నుంచి వాడుతున్నామని చెబితే అఫిడవిట్, దానికి ఆధారాలు జతచేయాలని 25వ నిబంధన. అవి పెట్టలేదు.

గుడ్డసంచిలో ఉన్నది అంతా అదే. బిల్లు పుస్తకాలు, జీఎస్టీ కాగితాలు, ఫుడ్ లైసెన్సు, బ్యాంకు పుస్తకం. గంటన్నర కూర్చుని చూశాం. ఒక్క బిల్లు మీద కూడా సీమమ్మ లేదు! అన్నింటి మీదా పైన వాళ్ల ఆయన పేరుతో ఉన్న ట్రేడర్స్, కింద "కా.పొ. 1 కేజీ", "ప.పొ. అర". జీఎస్టీ రిటర్న్‌లో బ్రాండు పేరు ఎలాగూ ఉండదు. లైసెన్సు కూడా ఆయన పేరు మీదే, దరఖాస్తు అక్క పేరు మీద. పదేళ్ల వ్యాపారం కళ్ల ముందు కుప్పగా ఉంది. పేరు వాడినట్టు చెప్పే కాగితం మాత్రం లేదు. చిన్న అంగళ్లలో దాదాపు ప్రతిచోటా ఇదే పరిస్థితి చూస్తుంటాను. అమ్మిన లెక్క రాసుకుంటారు, ఏ పేరుతో అమ్మారో రాసుకోరు.

"ప్యాకెట్ కవర్లు ఎక్కడ కొట్టిస్తారక్కా?"

"శివకాశిలో."

"వాళ్ల బిల్లులు ఉన్నాయా?"

ఇంటికి పోయి అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దింపించింది. అందులో శివకాశి ప్రెస్సు బిల్లులు, పసుపురంగు కార్బన్ కాపీలు. మొదటిది 2015 ఆగస్టుది. సరుకు వివరం దగ్గర ఇంగ్లీషులో చేత్తో రాసి ఉంది: `SEEMAMMA KARAM COVER - 5000 NOS`. ఆ ఒక్క లైను చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంకే కాగితమూ ఇవ్వలేదు. మనకు సంబంధం లేని మూడో మనిషి, గొడవ రాకముందే, పేరుతో సహా, తేదీతో సహా రాసిన కాగితం. దాని తర్వాత ఏటా ఒకటో రెండో ఉన్నాయి. 2018 గంగమ్మ జాతరలో స్టాలు పెట్టినప్పుడు స్థానిక పత్రిక జిల్లా ఎడిషన్‌లో ఇచ్చిన చిన్న ప్రకటన కూడా దొరికింది, పైన తేదీతో.

కానీ 2009కి? ఏమీ లేదు. అప్పుడు అత్తగారు ఇంట్లో దంచి స్టీలు డబ్బాల్లో ఇచ్చేవాళ్లు. అక్క కొడుకు "పాత తేదీతో ఒక బిల్లు రాయించుకుంటే?" అన్నాడు. పిల్లవాడు, తెలియక అన్నాడు. అఫిడవిట్ అంటే ప్రమాణం. ఒక్క దొంగ కాగితం బయటపడితే 2015 నుంచి ఉన్న నిజమైన కాగితాలకూ విలువ పోతుంది. అఫిడవిట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాం. 2009 నుంచి ఇంటి దగ్గర అమ్మకం అని ఆమెకు తెలిసిన సంగతిగా, అచ్చు కవర్లతో వాడకం 2015 ఆగస్టు నుంచి అని ఆధారాలతో. వ్యాపారం భార్యాభర్తలు కలిసి చేస్తున్నారని, పేరు ఆమెదేనని వాళ్ల ఆయన విడిగా ఒక కాగితం రాసివ్వాలి. ఆయన ఆడికృత్తికకు కావడి ఎత్తుకుని తిరుత్తణి పోయారు. రెండు రోజులు ఆగాం.

రెండో పెద్ద అభ్యంతరం సెక్షన్ 11. "ఇలాంటి పేర్లు ముందే ఉన్నాయి, జనం పొరబడతారు" అని. రిపోర్టు వెనక పేజీల్లో ఆ పేర్ల జాబితా ఉంటుంది. వాట్సాప్‌లో రానివి ఆ పేజీలే. మూడు పేర్లు ఉన్నాయి. ఇక్కడ చాలామంది మూడింటికీ కలిపి "మా పేరు వేరు, వాళ్ల పేరు వేరు" అని ఒక పేరా రాసి పంపేస్తారు. అది జవాబు కాదు. ఒక్కో నంబరూ సైటులో కొట్టి చూడాలి.

మొదటిది "సీమ", మసాలాలకు. నంబరు కొడితే రిజిస్టరు నుంచి తొలగించారని ఉంది. రిజిస్ట్రేషన్ పదేళ్లకు ఉంటుంది, మళ్లీ కట్టుకోకపోతే తీసేస్తారు. తీసేసిన తర్వాత కూడా ఒక సంవత్సరం పాటు కొత్త దరఖాస్తులకు అది అడ్డంగా లెక్క వస్తుంది. దీన్ని తీసేసి మూడేళ్లు దాటింది. ఒక వాక్యం, ఒక ప్రింటు. అయిపోయింది.

రెండోది `SEEMA`, ఉత్తరాదివాళ్లది, టీపొడికి. అక్కకు ఇది నవ్వు తెప్పించింది. మనకు సీమ అంటే నేల, వాళ్లకు సీమ అంటే ఆడపిల్ల పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండూ ఒకటే. సరుకు వేరు, అర్థం వేరు, మన పేరు చివర అమ్మ ఉంది, బొమ్మ ఉంది. అయితే ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను క్లాసులుగా విడగొట్టిన జాబితాలో టీ, కారంపొడి రెండూ ముప్పయ్యో క్లాసులోనివే కాబట్టి "క్లాసు వేరు" అనే సులువైన మాట ఇక్కడ పనికిరాదు. సరుకు తేడానే విడమరిచి చెప్పాలి.

మూడోది నాకు నిద్ర పట్టనివ్వలేదు. `SOMAMMA`, మసాలా పొడులకు, 2021 దరఖాస్తు. సరుకు అదే, చివర "మమ్మ" అదే, ఇంగ్లీషులో పక్కపక్కన పెడితే నిజంగానే దగ్గర. సోమమ్మ, సీమమ్మ అని తెలుగులో పలికితే ఎవరూ పొరబడరని నాకు తెలుసు. ఒకటి సోమవారం పుట్టిన ఆవిడ పేరు, ఇంకొకటి సీమ నుంచి వచ్చిన ఆవిడ పిలుపు. కానీ ఎగ్జామినర్ చూసేది ఇంగ్లీషు అక్షరాల్లో. అందుకే 28వ నిబంధన కింద ఇచ్చిన అర్థం ఇక్కడ మళ్లీ అక్కరకు వచ్చింది. రెండు లేబుళ్లూ పక్కపక్కన అతికించి పెట్టాను. వాళ్లది తెలుగులో లేదు, ఇంగ్లీషులో పచ్చరంగు అక్షరాలు మాత్రమే. ఇంకా ముఖ్యమైనది, వాళ్ల దరఖాస్తులో వాడకం దగ్గర `Proposed to be used` అని ఉంది. అంటే 2021కి వాళ్లు ఇంకా మొదలే పెట్టలేదు. మన శివకాశి బిల్లు 2015ది. దరఖాస్తులో వాళ్లు ముందున్నా, వాడకంలో మనం ముందు. నిజాయితీగా వాడుతున్న ఇద్దరినీ ఉండనివ్వడానికి సెక్షన్ 12 ఉంది. చివరి వాదనగా అదీ చేర్చాను.

ఇంత చెప్పినా ఇది గ్యారంటీ కాదని అక్కకు ముందే చెప్పాను. మూడోదాని మీద హియరింగ్ పెడతారని నా అంచనా.

ఈలోగా మరిది ఒక సలహా ఇచ్చాడు. పేరు ముందు "శ్రీవారి" అని చేరిస్తే ఎవరితోనూ కలవదు కదా అని. తిరుపతిలో ప్రాక్టీసు చేస్తూ ఈ మాట నెలకొకసారైనా వింటాను. దరఖాస్తు వేశాక గుర్తును అంతగా మార్చడానికి వీల్లేదు. మార్చాలంటే కొత్త దరఖాస్తే. పైగా దేవుడి పేరు, పురాణం పేరు ఒకరి సొంతం చేయడం తేలిక కాదు. "రామాయణ్" అనే పేరును అగరబత్తీలకు ఒక్కరే సొంతం చేసుకోలేరని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉన్న అత్తగారి పేరు వదిలి స్వామి పేరు పట్టుకుంటే బలం తగ్గుతుంది, పెరగదు.

ఆగస్టు 1 గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు జవాబు అప్‌లోడ్ చేశాం. నోటరీ చేసిన అఫిడవిట్, వాళ్ల ఆయన కాగితం, బిల్లుల స్కాన్లు, అన్నీ కలిపి. చివరి రోజు వరకు ఆగను, సైటు మొండికేస్తే చెప్పుకునేదానికి ఎవరూ ఉండరు. రసీదు ప్రింటు తీసి ఇస్తే అక్క దాన్ని అంగట్లో స్వామి పటం వెనక పెట్టింది.

అనుకున్నట్టే కొన్ని నెలల తర్వాత హియరింగ్ నోటీసు వచ్చింది. ఈసారి గల్లాపెట్టె పాస్‌వర్డ్ పనిచేసింది. నాకంటే ముందు ఆమే ఫోను చేసింది. చెన్నై పోనక్కర్లేదు, వీడియోలోనే. పదినిమిషాలు కూడా పట్టలేదు. ఆఫీసరు సెక్షన్ 9 గురించి అడగనే లేదు. మొదటి రెండు పేర్లు వదిలేశారు. సోమమ్మ దగ్గర ఆగి, "2015 అని చెబుతున్న ఇన్‌వాయిస్ ఏది?" అన్నారు. పేజీ నంబరు చెప్పాను. కాసేపు చదివారు. పసుపు కాగితం స్కానులో మసకగా వచ్చింది, పెద్దది చేసి చూసుకున్నట్టున్నారు. కారం అనే మాట మీద విడిగా హక్కు లేదన్న షరతుతో తీసుకుంటున్నట్టు తర్వాత ఆర్డరు వచ్చింది.

పేరు జర్నల్‌లో అచ్చయింది. ఇప్పుడు ఆ నాలుగు నెలలు నడుస్తున్నాయి. సోమమ్మవాళ్లు వ్యతిరేకిస్తే నోటీసు అందిన రెండు నెలల్లో మన ప్రతివాదన పడాలి. ఈ రెండు నెలలు నిబంధనల్లోది కాదు, చట్టంలోనే సెక్షన్ 21లో ఉన్నది. అర్జీ పెట్టినా పెరగదు. అక్కకు ఇది రెండుసార్లు చెప్పాను. మెయిల్ రోజూ పొద్దున అంగడి తెరిచేటప్పుడు చూస్తోంది, దీపం పెట్టాక.

మొన్న ఫోను చేసింది. "శివకాశి వాళ్లు కవర్లకు ప్లేటు చేస్తా ఉండారు. పేరు పక్కన సున్నలో ఆర్ వేయమంటావా?"

"వద్దక్కా, సర్టిఫికెట్ రాకుండా అది వేయకూడదు. టీఎం అని వేయించు."

"అయితే ఐదువేల కవర్లు వద్దులే. రెండువేలే కొట్టమంటా" అని పెట్టేసింది.